పేటీఎం ముందే చెప్పింది: ఐపీఓ పత్రాన్ని చదవడం ఎలా?

2021 నవంబర్ 18న పేటీఎం షేరు స్టాక్ మార్కెట్లో అడుగుపెట్టింది. ఐపీఓలో ఒక్కో షేరుకు 2,150 రూపాయలు కట్టినవాళ్లకు ఆ సాయంత్రం తెరమీద కనిపించిన ధర 1,560 చిల్లర. మొదటి రోజే నాలుగో వంతుకు మించి పోయింది. అప్పటివరకు మన దేశంలో వచ్చిన పబ్లిక్ ఇష్యూలన్నిటిలోకీ అదే పెద్దది, 18,300 కోట్ల రూపాయలది. కిరాణా కొట్టు గల్లాపెట్టె మీదా, ఆటో అద్దం మీదా ఆ నీలిరంగు క్యూఆర్ అట్టను రోజూ చూస్తున్న జనం కాబట్టి, కంపెనీ గురించి వేరే తెలుసుకోవలసింది ఏముందనిపించింది. కనీసం ఆరు షేర్లకు అప్లై చేయాలి. అంటే 12,900 రూపాయలు. మొదటిసారి డీమ్యాట్ ఖాతా తెరిచి అప్లై చేసినవాళ్లు కూడా ఉన్నారు.

తర్వాత రెండున్నరేళ్లలో ఆ షేరు ఇంకా పడింది. 2024 జనవరి ఆఖరి రోజున రిజర్వ్ బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద తీవ్రమైన ఆంక్షలు పెట్టింది. మర్నాడూ ఆ మర్నాడూ షేరు 20 శాతం చొప్పున కుప్పకూలింది. ఇలా జరుగుతుందని ఎవరనుకున్నారని చాలామంది వాపోయారు. నిజానికి ఆ బ్యాంకుతో ముప్పు ఉందన్న మాట వాళ్లు అప్లై చేయకముందే, కంపెనీ సంతకంతో, సెబీ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా ఉంది. దాన్ని మోస్తున్న పత్రం వందల పేజీలది, ఇంగ్లీషులోది, లాయర్ల భాషలోది కావడంతో తెరిచినవాళ్లు తక్కువ.

పొలమో ప్లాటో కొనేటప్పుడు మనం ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు తెలిసినవాళ్లకు చూపించి, అప్పుడు బయానా ఇస్తాం. ఐపీఓ కొనేటప్పుడు ఆ పని చేసిపెట్టేది ప్రాస్పెక్టస్. మొత్తం చదవనక్కర్లేదు. ఎక్కడ చదవాలో, ఒకచోట చెప్పిన మాటను ఇంకోచోట చెప్పిన మాటతో ఎలా కలపాలో తెలిస్తే రెండు మూడు గంటల పని. పేటీఎం పత్రాన్నే ముందు పెట్టుకుని ఆ పని ఎలా సాగుతుందో చూద్దాం.

పత్రం ఎక్కడ దొరుకుతుంది

ఐపీఓకు రావాలనుకున్న కంపెనీ మామూలుగా ముందు ఒక ముసాయిదాను సెబీకి ఇస్తుంది. దాన్నే డీఆర్‌హెచ్‌పీ అంటారు. అది జనం అభిప్రాయాల కోసం కనీసం 21 రోజులు అందుబాటులో ఉండాలి. సెబీ ప్రశ్నలు అడుగుతుంది, కంపెనీ సవరిస్తుంది, అప్పుడు ఆర్‌హెచ్‌పీ వస్తుంది. మనం అప్లై చేసే ముందు చదవాల్సింది ఈ రెండోదాన్ని. ఇందులో ఖరారైన ధర తప్ప మిగతా సమాచారమంతా ఉంటుంది. ఇష్యూ ముగిసి ధర తేలాక రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు చేరే తుది పత్రమే అసలు ప్రాస్పెక్టస్.

sebi.gov.in లోకి వెళ్లి Filings కింద Public Issues నొక్కితే ఇవన్నీ దొరుకుతాయి. బ్రాండు పేరుతో వెతికితే కొన్నిసార్లు దొరకవు. పేటీఎం అసలు పేరు వన్97 కమ్యూనికేషన్స్ లిమిటెడ్, పత్రం ఆ పేరు మీదే ఉంది. పీడీఎఫ్ తెరిచాక కంప్యూటర్లో Ctrl+F నొక్కి కావలసిన మాట కొట్టి వెతుక్కోవడమే మన ప్రధాన ఆయుధం.

సెబీ సైటులో ఉంది కాబట్టి సెబీ ఈ కంపెనీని మంచిదని తేల్చిందని అనుకోకూడదు. పత్రం సెబీకి ఇచ్చినంత మాత్రాన సెబీ దాన్ని ఆమోదించినట్టు కాదని ప్రతి ప్రాస్పెక్టస్‌లోనూ స్పష్టంగా రాసి ఉంటుంది. చెప్పవలసినవి చెప్పారా లేదా అని చూడడం వరకే సెబీ పని. చెప్పినవి చదివి నిర్ణయించుకోవడం మనది.

మొదటి పేజీలోనే రెండు సంగతులు

ముఖపత్రాన్ని చాలామంది తిప్పేస్తారు. మొత్తం పత్రంలో అతి చిక్కటి పేజీ అదే. అక్కడ మొదట చూడాల్సింది డబ్బు ఎవరికి పోతుందన్నది. పేటీఎం ఇష్యూలో 18,300 కోట్లను రెండుగా విడగొట్టి చూపించారు. కొత్తగా షేర్లు ముద్రించి అమ్మేవి 8,300 కోట్లవి. ఆ డబ్బు కంపెనీకి వస్తుంది. మిగతా 10,000 కోట్లు ఆఫర్ ఫర్ సేల్, అంటే ఇప్పటికే షేర్లున్నవాళ్లు తమవి అమ్ముకోవడం. అందులో ఒక్క రూపాయి కూడా కంపెనీ ఖాతాలో పడదు. అమ్ముతున్నవాళ్ల జాబితాలో అందరికన్నా పెద్దది చైనాకు చెందిన యాంట్ ఫైనాన్షియల్ వారి సంస్థ, 4,700 కోట్లకు పైగా. జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ వారి ఫండు, అలీబాబా సంస్థ కూడా ఉన్నాయి. వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ కూడా సుమారు 400 కోట్ల మేర అమ్ముతున్నారు.

పాత పెట్టుబడిదారు అమ్ముకోవడం తప్పేమీ కాదు. పదేళ్ల కిందట డబ్బు పెట్టిన ఫండుకు ఏదో ఒక రోజు బయటకు వెళ్లక తప్పదు. కానీ కంపెనీని లోపలి నుంచి చూసినవాళ్లు ఏ ధరకు వదులుకోవడానికి ఇష్టపడుతున్నారో, మనం ఆ ధరకే కొంటున్నాం. ఆ సంగతి తెలిసి కొనాలి.

రెండోది, చిన్న మదుపరులకు ఎంత వాటా కేటాయించారన్నది. ఇది చాలామందికి తెలియని గుర్తు. గత మూడేళ్లలో ఏటా నిర్వహణ లాభం ఉండి, దాని సగటు కనీసం 15 కోట్లుగా ఉండి, ఇంకొన్ని షరతులు కూడా నెరవేర్చిన కంపెనీ అయితే, రెండు లక్షల లోపు పెట్టే చిన్నవాళ్లకు కనీసం 35 శాతం షేర్లు కేటాయించాలి. ఆ అర్హత లేని కంపెనీ కూడా ఐపీఓకు రావచ్చు. కాకపోతే కనీసం 75 శాతం పెద్ద సంస్థలకే అమ్మాలి, చిన్నవాళ్లకు 10 శాతం మించి ఇవ్వకూడదు. సెబీ నిబంధనల్లో ఇది 6(2) అనే దారి. ఇలాంటి కంపెనీ విలువ కట్టడం కష్టం, ఆ పని తెలిసినవాళ్లు ముందుకొస్తేనే ఇష్యూ సాగాలి అన్నది దీని వెనక ఉద్దేశం. పేటీఎం ముఖపత్రం మీద చిన్నవాళ్ల వాటా 10 శాతం. లోపలి ఒక్క లెక్కా చూడకుండానే, ఈ కంపెనీకి నిలకడైన లాభాల చరిత్ర లేదని ఆ అంకె చెప్పేస్తోంది.

నష్టం తగ్గింది, ఎందుకు?

లెక్కల పుటల్లోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక. చాలా పత్రాల్లో అంకెలు మిలియన్లలో ఉంటాయి. పది మిలియన్లు ఒక కోటి, కాబట్టి కనిపించిన అంకెను పదితో భాగిస్తే కోట్లు వస్తాయి. ఈ చిన్న లెక్క మరిస్తే కంపెనీ పదింతలు పెద్దదిగా కనిపిస్తుంది.

పేటీఎం పత్రంలో మూడేళ్ల నష్టాలు ఇలా ఉన్నాయి. 2018–19లో సుమారు 4,231 కోట్లు, మరుసటి ఏడు 2,942 కోట్లు, 2020–21లో 1,701 కోట్లు. చూడగానే కంపెనీ దారిన పడుతోందనిపిస్తుంది. అప్పట్లో చాలామంది చెప్పిన కథ కూడా అదే. ఇక్కడ ఆగకుండా అదే పట్టికలో పైకీ కిందికీ చూడాలి. పైన ఆదాయం ఉంటుంది. కార్యకలాపాల ఆదాయం 2019–20లో 3,281 కోట్లు ఉంటే మరుసటి ఏడు 2,802 కోట్లకు తగ్గింది. అది కోవిడ్ ఏడాది కాబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు. మరి ఆదాయం తగ్గినా నష్టం ఎలా తగ్గింది?

జవాబు కింద ఖర్చుల్లో ఉంది. ప్రచారం, ప్రోత్సాహకాల ఖర్చు, అంటే క్యాష్‌బ్యాక్‌లూ ప్రకటనలూ, 2018–19లో 3,408 కోట్లు. రెండేళ్ల తర్వాత అదే ఖర్చు 533 కోట్లు. అంటే ఆ ఒక్క ఖర్చులోనే సుమారు 2,875 కోట్లు కోత పడింది. అదే రెండేళ్లలో నష్టం తగ్గింది 2,530 కోట్లు మాత్రమే. క్యాష్‌బ్యాక్ కోసినంత మేర కూడా నష్టం తగ్గలేదన్నమాట. మిగతా వ్యాపారంలో మెరుగుదల ఎక్కడుందని అడగవలసిన చోటు ఇది.

ఇప్పుడు వచ్చిన డబ్బుతో ఏం చేస్తారో చెప్పే అధ్యాయానికి వెళ్లాలి. పత్రంలో దాని పేరు Objects of the Offer. కంపెనీకి వచ్చే 8,300 కోట్లలో 4,300 కోట్లు పేటీఎం వ్యవస్థను పెంచడానికి, అంటే కొత్త వినియోగదారులనూ వ్యాపారులనూ తెచ్చుకోవడానికి, ఉన్నవాళ్లను నిలుపుకోవడానికి. ఇంకో 2,000 కోట్లు కొత్త వ్యాపారాలకు, కొనుగోళ్లకు, భాగస్వామ్యాలకు. మిగిలింది సాధారణ అవసరాలకు. ఫ్యాక్టరీ కడతామనో, ఫలానా అప్పు తీరుస్తామనో ఇందులో లేదు. వినియోగదారులను తెచ్చుకోవడానికి ఏ ఖర్చు చేయాలో ఆ ఖర్చునే కోయడం వల్ల నష్టం తగ్గిందని ఇప్పుడే చూశాం. ఐపీఓ డబ్బు వచ్చేది మళ్లీ ఆ పనికే. రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఖర్చులు ముందు ముందు పెరుగుతాయనీ లాభం దగ్గరలో లేదనీ అర్థమవుతుంది. నష్టాల చరిత్ర ఉందని, నష్టాలు ఇంకా కొనసాగవచ్చని రిస్కుల అధ్యాయంలో కంపెనీ కూడా చెప్పింది.

ధర సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. 2,150 రూపాయల లెక్కన మొత్తం కంపెనీ విలువ సుమారు 1.39 లక్షల కోట్లు. ఏడాది ఆదాయం 2,802 కోట్లు. లాభానికి యాభై రెట్లు అంటేనే ఖరీదు అనుకునే మార్కెట్లో ఇది ఆదాయానికి దాదాపు యాభై రెట్లు. మొదటి రోజు పతనానికి ఇంతకు మించిన రహస్యమేదీ లేదని నా అభిప్రాయం.

ప్రమోటర్ ఎవరు?

కంపెనీని స్థాపించినవాడే ప్రమోటర్ అని మనం అనుకుంటాం. చట్టం చూసేది అది కాదు. కంపెనీ మీద నేరుగానో పరోక్షంగానో అదుపు ఎవరికి ఉంది, బోర్డు ఎవరి మాట ప్రకారం నడుస్తుంది, పత్రంలో ఎవరిని ప్రమోటరుగా పేర్కొన్నారు అన్నది చూస్తుంది. మన హైదరాబాద్ ఉదాహరణ ఒకటి ఉంది. 2020 నవంబర్‌లో గ్లాండ్ ఫార్మా ఐపీఓ వచ్చినప్పుడు మన ఊరి కంపెనీ అని అప్లై చేసినవాళ్లున్నారు. ఆ పత్రంలో ప్రమోటర్ల పేజీ తెరిస్తే కనిపించేది స్థాపించిన కుటుంబం కాదు. చైనాలోని షాంఘై ఫోసన్ ఫార్మా, సింగపూర్‌లో ఉన్న దాని అనుబంధ సంస్థ. సరిహద్దు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేస్తూ కేంద్రం అదే ఏడాది ఏప్రిల్‌లో నిబంధన మార్చింది. గ్లాండ్ మంచి కంపెనీయా కాదా అన్నది వేరే సంగతి. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియకుండా మాత్రం కొనకూడదు.

ప్రమోటర్ ఉన్న కంపెనీలో ఆ అధ్యాయం చదివేటప్పుడు నేను ముఖ్యంగా వాళ్ల ఇతర కంపెనీలను చూస్తాను. అదే వ్యాపారం చేసే మరో సంస్థ ఇంట్లోనే ఉందా? గత మూడేళ్లలో ఏ కంపెనీ నుంచి తప్పుకున్నారు, ఎందుకు? కంపెనీ ఆఫీసు ప్రమోటరు సొంత భవనంలో అద్దెకు ఉందా, బ్రాండు పేరు ఎవరి సొత్తు? ఇవన్నీ అక్కడ ఉంటాయి. ఆ కంపెనీల పేర్లు రాసుకుని, సంబంధిత పక్షాల లావాదేవీల పట్టికలో అవే పేర్లు వెతకాలి. పత్రంలో దాని పేరు Related Party Transactions. కుటుంబ సంస్థకు ఏటా పోయే అద్దె, కమిషన్, అప్పు పెరుగుతూ పోతుంటే లాభం ఎటు పారుతోందో అక్కడ దొరుకుతుంది.

ఇక పేటీఎం. ఆ పత్రం ముఖపత్రం మీదే ఒక వాక్యం ఉంది. తమది వృత్తి నిపుణులు నడిపే కంపెనీ అని, గుర్తించదగిన ప్రమోటర్ ఎవరూ లేరని. చట్టరీత్యా ఇలా రావచ్చు, చాలా కంపెనీలు వచ్చాయి. కానీ ఆ వాక్యం చదివాక చూపు నేరుగా వాటాదారుల పట్టిక మీదకు పోవాలి. శర్మ వాటా అంతకుముందు 14 శాతానికి పైగా ఉండేది. ఐపీఓకు ముందు 5 శాతం వాటా కుటుంబ ట్రస్టుకు మారింది. పట్టికలో ట్రస్టీ పేరుతో 5 శాతం, ఆయన పేరుతో పది శాతం లోపు కనిపిస్తుంది.

పది శాతం దగ్గర ఏముంది? ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లను ప్రమోటరుగా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. పది శాతం మించి వాటా ఉన్న డైరెక్టరుకూ ఇవ్వకూడదు. ఆ ఆర్థిక సంవత్సరంలోనే శర్మకు 2.1 కోట్ల ఆప్షన్లు మంజూరయ్యాయి. కంపెనీకి చైర్మన్, ఎండీ, సీఈఓ ఆయనే. తర్వాత సెబీ ఇదే విషయమై నోటీసులు ఇచ్చింది. ఆయన 2025 ఏప్రిల్‌లో ఆ ఆప్షన్లన్నీ వదులుకున్నారు. మే నెలలో ఆరోపణలను ఒప్పుకోకుండానే, కాదనకుండానే సెబీతో సెటిల్మెంట్ చేసుకున్నారు. మూడేళ్లపాటు ఏ లిస్టెడ్ కంపెనీ నుంచీ కొత్తగా ఆప్షన్లు తీసుకోకూడదన్నది అందులో ఒక షరతు.

ఒక సామాన్య పాఠకుడు 2021లో ఇవన్నీ ఊహించగలడని నేను అనను. కానీ ప్రమోటర్ లేరన్న వాక్యం, ట్రస్టుకు మారిన 5 శాతం, పది శాతానికి దిగువన ఆగిన వాటా, ఈ మూడూ ఒకే పత్రంలో ఉన్నాయి. వాటిని కలిపి చూస్తే కనీసం ఒక ప్రశ్న పుడుతుంది. ప్రమోటరు ఉన్న కంపెనీలో ఆయన కనీస వాటాను కొంతకాలం అమ్మకుండా బిగించి ఉంచుతారు. ప్రమోటరే లేడంటే ఆ బిగింపు కూడా ఆ రూపంలో ఉండదు.

అసలు రిస్కును గుర్తుపట్టడం

రిస్కుల అధ్యాయాన్ని చూసి భయపడేవాళ్లున్నారు, అన్ని కంపెనీలూ ఇలాగే రాస్తాయిలే అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. యుద్ధం రావచ్చు, రూపాయి పడిపోవచ్చు, వానలు కురవకపోవచ్చు అన్నవి ప్రతి పత్రంలోనూ ఉంటాయి. వీటిని వేరు చేయడానికి ఒక పద్ధతి ఉంది. వాక్యంలో కంపెనీ పేరు తీసేసి వేరే కంపెనీ పేరు పెట్టి చదవండి. అర్థం చెడకపోతే అది అందరికీ వర్తించే మాట, దాటిపోవచ్చు. వేరే పేరు పెట్టగానే వాక్యం అబద్ధమైపోతే అక్కడ ఆగాలి. అలాంటి వాక్యాల్లో సాధారణంగా ఒక సంస్థ పేరో, శాతమో, తేదీయో ఉంటుంది. పైగా ముఖ్యమైనవి ముందు, తక్కువవి తర్వాత అన్న వరుసలో రాయాలని నియమం. కాబట్టి మొదటి పది పదిహేను రిస్కులను నిదానంగా చదివితే చాలావరకు సరిపోతుంది.

పేటీఎం పత్రంలో అలాంటి వాక్యాలు పేమెంట్స్ బ్యాంకు చుట్టూ ఉన్నాయి. చెల్లింపుల సేవలకు కంపెనీ ఆ బ్యాంకు మీద ఆధారపడింది. పేటీఎం వ్యాలెట్ ఆ బ్యాంకుది, ఫాస్టాగ్ ఆ బ్యాంకుది, యూపీఐ కూడా ఆ బ్యాంకు ద్వారానే నడిచేది. మరి ఆ బ్యాంకు ఎవరిది? వన్97 వాటా 49 శాతం, శర్మ సొంత వాటా 51 శాతం. అంటే మనం కొనే కంపెనీకి గుండెకాయలాంటి వ్యాపారం, ఆ కంపెనీ అదుపులో లేని ఇంకో సంస్థ దగ్గర ఉంది. దానికి అనుమతులు ఇచ్చేదీ ఆపేదీ రిజర్వ్ బ్యాంకు.

ఇక్కడ ప్రమోటర్ అధ్యాయాన్ని మళ్లీ గుర్తు చేసుకోవాలి. కంపెనీ ఆధారపడిన బ్యాంకులో 51 శాతం ఎవరిదో, కంపెనీ సీఈఓ ఎవరో, ప్రమోటరు కాదని చెప్పింది ఎవరినో చూస్తే ఒకే మనిషి. విడివిడిగా చదివితే మూడు మామూలు సమాచారాలు. కలిపితే ఈ కంపెనీని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా ముఖ్యమైన సంగతి పత్రం మొత్తంలో లేదు.

ఇలాంటి వాక్యం దొరికాక పత్రం బయట కూడా కాసేపు వెతకాలి. ఆర్‌హెచ్‌పీ వచ్చింది అక్టోబర్ చివర్లో. దానికి కొద్ది రోజుల ముందే, అక్టోబర్ 20న, అదే పేమెంట్స్ బ్యాంకుకు కోటి రూపాయల జరిమానా వేసినట్టు రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చిన సమాచారం వాస్తవాన్ని ప్రతిబింబించలేదన్నది కారణం. కోటి రూపాయలు ఆ కంపెనీకి పెద్ద మొత్తమేమీ కాదు. చూడవలసింది మొత్తాన్ని కాదు, వేసినవాళ్లను. గుండెకాయ లాంటి వ్యాపారం మీద నియంత్రణ సంస్థకు అసంతృప్తి ఉందని అది చెబుతోంది. 2022 మార్చిలో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆదేశం వచ్చింది. 2024 జనవరి 31న కొత్త డిపాజిట్లు, వ్యాలెట్ టాప్‌అప్‌లు ఆపాలన్నారు. మొదట ఫిబ్రవరి 29 గడువు ఇచ్చి, తర్వాత మార్చి 15 దాకా పొడిగించారు. మూడు మెట్లలో మొదటిది ఐపీఓ తెరవకముందే పడింది.

రిస్కు రాసి ఉంటే చాలు ఆ కంపెనీని వదిలేయాలని దీని అర్థం కాదు. హైదరాబాద్‌కు చెందిన ఎంటార్ టెక్నాలజీస్ 2021 మార్చిలో ఐపీఓకు వచ్చినప్పుడు, ఆదాయంలో చాలా పెద్ద భాగం అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ అనే ఒక్క కొనుగోలుదారు నుంచే వస్తోందని పత్రంలో ఉంది. అది నిజమైన రిస్కే. అయినా 575 రూపాయల షేరు మొదటి రోజు వెయ్యి దాటింది. రిస్కు తెలిసి కొన్నవాళ్లకు ఒక లాభం ఉంటుంది. తర్వాత ఏ వార్తలు గమనించాలో వాళ్లకు తెలుసు. ఎంటార్ కొన్నవాళ్లు బ్లూమ్ ఆర్డర్ల మీద కన్నేయాలి. పేటీఎం కొన్నవాళ్లు పేమెంట్స్ బ్యాంకు గురించి రిజర్వ్ బ్యాంకు అనే ప్రతి మాటనూ వినాల్సింది. 2022 మార్చి ఆదేశం నాడే అమ్ముకోవాలా వద్దా అని ఆలోచించే అవకాశం వాళ్లకు ఉండేది.

కేసుల అధ్యాయం గురించి ఒక్క మాట. పెద్ద కంపెనీకి పన్ను వివాదాలు ఉండనే ఉంటాయి, వాటి సంఖ్య చూసి కంగారు పడొద్దు. క్రిమినల్ కేసులు, సెబీ గానీ రిజర్వ్ బ్యాంకు గానీ తీసుకున్న చర్యలు, కంపెనీ మీదా డైరెక్టర్ల మీదా ప్రమోటర్ల మీదా ఏమున్నాయో చదవండి. వివాదంలో ఉన్న మొత్తాన్ని కంపెనీ నికర విలువతో పోల్చండి, చాలు.

పత్రం చెప్పనివి

ప్రాస్పెక్టస్ సర్వజ్ఞాని కాదు. అది కంపెనీ తన గురించి తాను రాసుకున్న పత్రం. మర్చంట్ బ్యాంకర్లు, ఆడిటర్లు, లాయర్లు చూసి సంతకం పెడతారు నిజమే. కానీ కావాలని దాచిన మోసాన్ని చదివినంత మాత్రాన పట్టుకోలేం. పరిశ్రమ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అధ్యాయాన్ని చాలాసార్లు కంపెనీయే డబ్బిచ్చి రాయించుకుంటుంది, ఆ సంగతి పత్రంలోనే ఉంటుంది. కాబట్టి ఆ గ్రాఫులకు అంత బరువు ఇవ్వకండి. ధర సరైనదేనా అన్నది కూడా పత్రం చెప్పదు.

పేటీఎం లాంటి ఇష్యూల తర్వాత 2022లో సెబీ నిబంధనలు బిగించింది. పాతవాళ్లు తమ షేర్లను సగటున ఎంతకు కొన్నారో, ధర ఎందుకు అంత పెట్టారో చూపే కొలమానాలేమిటో ఇప్పుడు వివరంగా ఇవ్వాలి. ఆ సగటు ధరకూ మనం కట్టే ధరకూ మధ్య తేడా చూడండి. ఇష్యూ నడిపిస్తున్న మర్చంట్ బ్యాంకర్ గతంలో తెచ్చిన ఐపీఓల ధరలు 30, 90, 180 రోజులకు ఎక్కడున్నాయో చూపే పట్టిక కూడా ప్రతి పత్రం చివరి భాగంలో ఉంటుంది. దాన్ని చూసేవాళ్లు చాలా తక్కువ.

ఐపీఓ తెరిచి ఉండేది మామూలుగా మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో గ్రే మార్కెట్ ప్రీమియం ఎంతన్న మాటే వినిపిస్తుంది, చదవడానికి మనసు నిలవదు. కానీ ముసాయిదా అంతకు నెలల ముందే వస్తుంది. పేటీఎం డీఆర్‌హెచ్‌పీ 2021 జూలై మధ్యలో సెబీకి చేరింది, ఇష్యూ తెరిచింది నవంబర్ 8న. దాదాపు నాలుగు నెలలు ఆ పత్రం అందరికీ అందుబాటులో ఉంది. మీరు ఎదురుచూస్తున్న కంపెనీ ముసాయిదా కూడా ఇప్పటికే సెబీ సైటులో ఉండి ఉండవచ్చు. యూపీఐ మాండేట్ మెసేజ్ వచ్చేదాకా ఆగకుండా ఈ ఆదివారమే దాన్ని తెరవండి. డబ్బు ఎవరికి పోతోంది, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి, వ్యాపారం దేనిమీద నిలబడి ఉంది అన్న మూడు ప్రశ్నలకు మీ సొంత మాటల్లో జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతే అప్లై చేయకండి.